పేరు మార్చినా అతికే పొగడ్త
వీడ్కోలు సభలో ఏమి చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను

పాఠశాలలలో వీడ్కోలు సభలకు ఒక ఋతువు ఉన్నది. ప్రభుత్వోద్యోగి విరమణ వయస్సు నిండిన నెలలో చివరి దినాన కొలువు వదలుతాడు. ఆ వయస్సు ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62 ఏండ్లు, తెలంగాణలో 2021 నుంచి 61 ఏండ్లు. పూర్వం పిల్లవానిని బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ సరిగా తెలియక జూలై 1 అని వ్రాయించిన తల్లిదండ్రులు అనేకులు. నెల మొదటి తేదీన పుట్టినవారు ముందు నెల చివరి దినానే విరమించవలెనని నిబంధన. కనుక అటువంటి ఉపాధ్యాయులందరికీ జూన్ 30వ తేదీనే వీడ్కోలు. బడులు తెరచి ఎన్నో దినాలు కావు; ప్రవేశాల తొందరలో, పుస్తకాల పంపిణీలో సభ రానే వస్తుంది. ఉపన్యాసం ముందు రాత్రి వ్రాయబడుతుంది. అప్పుడు చేతికి అందేవి ఇదివరకు పది సభలలో విన్న మాటలే.

ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడు ఒకరు విరమిస్తున్నారనుకొందాము. అందరికీ వారు లెక్కల మాష్టారు. వయస్సులో చాలా చిన్నవాడైన సాంఘికశాస్త్రోపాధ్యాయుడు సహోద్యోగుల తరపున మాట్లాడవలెను. అతడు ముందు రాత్రి వ్రాసుకొన్న ప్రతి ఇట్లా ఉన్నది:

“లెక్కల మాష్టారి గురించి నేను చెప్పడమంటే సూర్యుని ముందు దివిటీ పట్టడమే. వారు స్నేహశీలి, మృదుస్వభావి, నిగర్వి, అజాతశత్రువు. క్రమశిక్షణకు మారుపేరు. ముప్పది నాలుగేండ్లలో ఒక్కరోజు కూడా సెలవు పెట్టి ఎరుగరు. కొవ్వొత్తివలె తాము కరిగిపోతూ ఎందరో విద్యార్థుల జీవితాలలో వెలుగు నింపేవారు. వారి విజయం వెనుక వారి శ్రీమతి గారి త్యాగం ఉన్నది. వారు లేని లోటు ఈ పాఠశాలకు ఎన్నటికీ తీరనిది. వారి శేషజీవితం ఆయురారోగ్యైశ్వర్యాలతో గడవాలని భగవంతుని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.”

ఇందులో వ్యాకరణదోషం లేదు. అవమానించే మాట లేదు. సభలో చదివితే చప్పట్లు కూడా కొడతారు. అయినా దీనిలో మూడు దోషాలు ఉన్నవి. వాటిని విడివిడిగా చూస్తే దిద్దుబాటుకు దారి దొరుకుతుంది.

మొదటిది, ఇది ఎవరికైనా అతుకుతుంది. ‘లెక్కల మాష్టారు’ అన్నచోట ‘హిందీ పండితులు’ అని వ్రాసి పొరుగూరి బడిలో చదివినా ఒక్క అక్షరం మార్చనవసరం లేదు. ఇదే పరీక్ష. ప్రతి వాక్యంలోను పేరు మార్చి చూడవలెను. మార్చినా వాక్యం చెడకపోతే అది ఆ మనిషిని గురించిన వాక్యం కాదు.

రెండవది సూక్ష్మమైనది. విశేషణాలు వరుసగా దొర్లేటప్పుడు ఒకటి రెండు అబద్ధాలు వాటితో పాటు దొర్లుకొని వస్తవి. ఈ మాష్టారి గొంతు ఆటస్థలం దాకా వినబడుతుందని బడిలో పిల్లలందరికీ తెలుసు. ‘మృదుస్వభావి’ అనగానే వెనుక వరుసలలో ముసిముసి నవ్వులు పుడతవి. పొగడ్త ఎగతాళిగా మారుతుంది. వేదికమీద శాలువ కప్పుకొని కూర్చున్న పెద్దమనిషికి ఆ నవ్వు వినబడుతుంది. ఆ తరువాత చెప్పిన నిజమైన మాటకు కూడా విలువ తగ్గుతుంది.

మూడవ దోషం తెలుగు వీడ్కోలు సభలలో మరీ ఎక్కువ. ఈ ప్రతిలోని మాటలు సగం సంతాపసభకు చెందినవి. ‘తీరని లోటు’ అన్నది మరణవార్త ప్రక్కన నిత్యం కనబడే మాట. ‘శేషజీవితం’ అన్నప్పుడు వక్త ఉద్దేశం మంచిదే కాని, మిగిలినదెంతో లెక్కపెట్టినట్లు వినబడుతుంది. ‘కరిగిపోయే కొవ్వొత్తి’ సంగతి చెప్పనే అక్కరలేదు. అన్నిటికన్న గుట్టుగా పనిచేసేది క్రియారూపం. ‘వెలుగు నింపేవారు’, ‘చెప్పేవారు’, ‘ఉండేవారు’ అనే రూపం గడచిపోయిన అలవాటును చెబుతుంది. ఎదుట కూర్చున్న మనిషిని గురించి వరుసగా నాలుగైదు మార్లు ఆ రూపం వాడితే వినేవారికి కారణం తెలియని దిగులు కలుగుతుంది. దీనికి మందు సులభం. ఇప్పటికీ నిలిచి ఉన్న గుణాన్ని, అలవాటును ‘చెబుతారు, దిద్దుతారు’ అని వర్తమానంలో చెప్పవలెను. ఒకనాడు జరిగిన సంఘటనను ‘చెప్పినారు, చేసినారు’ అని చెప్పవలెను. విరమణ ఉద్యోగానికే కనుక క్రియలకు కూడా విరమణ ఇవ్వనక్కరలేదు.

ఈ మాటలు ఇంతగా వేళ్లూనడానికి సన్మానపత్రం కొంత కారణం. అద్దం బిగించి ఇచ్చే ఆ పత్రానికి ఒక సంప్రదాయం ఉన్నది: పేరా పేరాకు ఒక సంబోధన, ప్రతి సంబోధన క్రింద దీర్ఘసమాసాలు, చివర శుభాకాంక్ష. అది గోడకు తగిలించుకొనే వస్తువు. దానికి ఆ గాంభీర్యం ఒప్పుతుంది. ఉపన్యాసం చెవికి చెప్పే మాట. పత్రంలోని భాషను నోటికి తెచ్చుకొన్న వక్త, ఒకే సభలో అదే పత్రాన్ని రెండవసారి చదివినవాడవుతాడు.

వీడ్కోళ్లలో లోకానికి గుర్తుండేదేమిటో ఉపాధ్యాయులందరూ ఎరిగిన ఒక ఉదాహరణ ఉన్నది. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు వదలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళుతున్నప్పుడు, విద్యార్థులు వారిని పూలతో అలంకరించిన బండిలో కూర్చుండబెట్టి, తామే లాగుకొంటూ రైలు స్టేషనుకు చేర్చినారు. ఆనాటి సభలలో ఏ విశేషణాలు వాడినారో ఎవరూ చెప్పుకొనరు. బండి లాగిన సంగతి మాత్రం నూరేండ్లు దాటినా చెప్పుకొంటున్నారు. గుర్తు నిలిచేది పని, గుణవాచకం కాదు.

కనుక దిద్దుబాటు కలంతో మొదలు కాదు, వెదకులాటతో మొదలవుతుంది. దానికి కనీసం ఒక వారం వ్యవధి కావలెను. అడిగే తీరు కూడా ముఖ్యం. “మాష్టారు ఎటువంటివారు?” అని అడిగితే “చాలా మంచివారండీ” అనే జవాబు వస్తుంది. ఆ ప్రశ్నకు మరొక జవాబు రాదు. “వారు చేయగా మీరు కంటితో చూసిన పని ఒకటి చెప్పండి” అని అడగవలెను. అడగవలసినవారు తోటి ఉపాధ్యాయులు మాత్రమే కారు. ఉదయం తాళం తీసే అటెండరు, మధ్యాహ్న భోజనం వండే ఆమె, ఊరిలోనే ఉన్న పాత విద్యార్థులు తమకు తెలిసినది చెప్పగలరు. ఎవరు ఏది చెప్పినారో ప్రక్కన వ్రాసుకోవలెను. తరువాత సరిచూడడానికి అది అవసరం.

మన సాంఘికశాస్త్రోపాధ్యాయునికి ఇట్లా అడగగా ఏడు సంగతులు దొరికినవి. మాష్టారు తప్పిన లెక్కను కొట్టివేయరు. తప్పు ఎక్కడ మొదలైనదో ఆ పంక్తి క్రింద గీత గీస్తారు. పరీక్షల వేళ లేని పిల్లలకు తమ బీరువాలో నుంచి జామెట్రీ బాక్సులు ఇస్తారు. వారి చేతి గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది. ఒక బాలుని అన్యాయంగా కోప్పడి, మరునాడు తరగతిలో తమ పొరపాటు ఒప్పుకొన్నారు. ఆదివారాలు సందేహాలకు ఇంటికి వచ్చిన పిల్లలకు వారి శ్రీమతి మజ్జిగ ఇస్తారు. ఒక బాలిక పై చదువుకు రుసుము కట్టినారు. పూర్వపు ప్రధానోపాధ్యాయునితో ఒకసారి గట్టిగా తగవుపడినారు.

ఇక సరిచూడడం. ‘ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు’ అన్నది ఇటువంటి సభలలో పుట్టే పురాణం. కార్యాలయంలో అడిగితే, తల్లి జబ్బుపడినప్పుడు మాష్టారు నెలదినాలు సెలవులో ఉన్నట్లు తెలిసినది. అది చెప్పుకోదగిన సెలవే. కాని ఆ వాక్యం మాత్రం నిలువదు. సభలో మాష్టారి బంధువులు ఉంటారు, వారికి నిజం తెలుసు. ఆ వాక్యాన్ని తీసివేయవలసిందే. ‘ముప్పది నాలుగేండ్లు’ అన్నది మొత్తం కొలువు. ఈ బడిలో గడచినవి పదకొండు. ఈ బడి సహోద్యోగులు తాము చూసిన పదకొండేండ్లనే సాక్షులుగా చెప్పగలరు. ‘డజన్ల కొద్దీ’ జామెట్రీ బాక్సులని ఒకరన్నారు. బీరువా తెరిస్తే ఉన్నవి ఆరు. ఆరు అని చెప్పడమే మేలు. డజన్లన్నప్పుడు వినేవాడు తల ఊపి ఊరుకొంటాడు. ఆరు అన్నప్పుడు అతని కంటికి అర కనబడుతుంది.

సరిచూసిన తరువాత ఏది చెప్పరాదో నిర్ణయించవలెను. రుసుము సంగతి అందరికన్న గొప్పదిగా కనబడుతుంది. మొదట వదలవలసినది కూడా అదే. మాష్టారు దానిని ఎవరికీ చెప్పలేదు. ఆ బాలిక పేరు చెప్పకపోయినా ఊరు చిన్నది, ఊహించుకొంటారు. దాత దాచిన దానిని సభలో విప్పడం గౌరవం కాదు; పుచ్చుకొన్నవారిని అందరి ఎదుట నిలబెట్టడం అంతకన్న కాదు. ఆమె తానుగా వచ్చి చెప్పుకొంటానంటే అది వేరు. ప్రధానోపాధ్యాయునితో తగవు కూడా వదలవలసినదే. అందులో మాష్టారిదే న్యాయం కావచ్చు, కాని రెండవ పక్షం సభలో లేదు, జవాబు చెప్పుకోలేదు.

మిగిలినది కోపం. ఇదే ఈ ఉపన్యాసానికి అసలు చిక్కు. దాచితే మాట అబద్ధమవుతుంది, చెబితే మర్యాద తప్పుతుందని భయం. మూడవ దారి ఉన్నది. లోపాన్ని ఒంటరిగా చెప్పరాదు. ఆ లోపంతో ఆ మనిషి ఏమి చేసినాడో దానితో కలిపి చెప్పవలెను. బాలుని ఎదుట పొరపాటు ఒప్పుకొన్న సంఘటన అటువంటిది. కాని దానికి రెండు అనుమతులు కావలెను. ఆ తరగతిలో ఉన్న విద్యార్థి సంతోషంగా అంగీకరించినాడు. మాష్టారికి ఇబ్బంది కాదు గదా అని వారి శ్రీమతిని అడిగితే, “ఆ రోజు రాత్రి అన్నం తినకుండా ఆలోచించినారు, చెప్పండి బాబూ” అన్నది ఆమె. అన్నం సంగతి ఆమె ఇంటి మాట. అది సభకు రాలేదు. అనుమతి మాత్రం దొరికినది.

హాస్యానికి కూడా ఇటువంటి నియమమే ఉన్నది. గడియారం సంగతి నవ్వు పుట్టిస్తుంది. నవ్వు ఎవరి మీద పడుతున్నదో చూడవలెను. ‘మాష్టారి గడియారం ఎప్పుడూ తప్పే’ అంటే వారిమీద పడుతుంది. ‘ఆ గడియారం ప్రకారం నేను రోజూ ఆలస్యమే’ అంటే చెప్పేవానిమీద పడుతుంది. వీడ్కోలు సభలో చిన్నవాడు పెద్దవారిని గురించి చేయదగిన పరిహాసం ఈ రెండవదే.

ఇట్లా ఏడింటిలో ఐదు నిలిచినవి. ఇప్పుడు అతడు తిరిగి వ్రాసిన ప్రతి ఇది:

“మాష్టారికి, అమ్మగారికి, సభలోని పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

మాష్టారి చేతి గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది. నేను ఈ బడిలో చేరిన మొదటి నెల గోడ గడియారం ప్రకారం ఒక్కనాడు కూడా ఆలస్యం కాలేదు. మాష్టారి గడియారం ప్రకారం ప్రతిదినం ఆలస్యమే. వారు ఏమీ అనలేదు, ఒకసారి మణికట్టు వంక చూసుకొన్నారు, అంతే. ఇప్పుడు నా గడియారం కూడా ఐదు నిమిషాలు ముందే నడుస్తున్నది.

మాష్టారు దిద్దిన లెక్కల పుస్తకం ఏదైనా తెరచి చూడండి. తప్పిన లెక్కమీద అడ్డగీత ఉండదు. తప్పు మొదలైన పంక్తి క్రింద పెన్సిలుతో ఒక గీత, దానిపైన ‘ఇక్కడి దాకా సరి’ అన్న మాట ఉంటవి. లెక్క తప్పిన పిల్లవానికి, తాను ఎంతదూరం సరిగా నడిచినాడో ముందు తెలుస్తుంది. నేను చెప్పేది సాంఘికశాస్త్రం. అయినా జవాబు పత్రాలు దిద్దడం ఆ గీతను చూసే నేర్చుకొన్నాను.

స్టాఫు గది బీరువాలో క్రింది అరలో ఆరు జామెట్రీ బాక్సులు ఉన్నవి. పదవ తరగతి పరీక్షలకు ముందు అవి పిల్లల చేతులలోకి వెళతవి. పరీక్షలు కాగానే తిరిగి వస్తవి. ఎవరికి ఇచ్చినది మాష్టారు ఒక చిన్న పుస్తకంలో వ్రాస్తారు. ఎందుకు ఇవ్వవలసివచ్చినదో వ్రాయరు.

మాష్టారికి కోపం రాదని నేనంటే మీరు నవ్వుతారు. కాని ఒకనాడు తొమ్మిదవ తరగతిలో తాము కోప్పడిన బాలుడు ఏ తప్పూ చేయలేదని వారికి సాయంత్రం తెలిసినది. మరునాడు అదే తరగతిలో, అందరి ఎదుట, ‘నిన్నటి పొరపాటు నాది’ అని ఆ బాలునితో చెప్పినారు. ఆనాడు ఆ తరగతిలో ఉన్న విద్యార్థి ఒకడు ఈ మాట ఈ సభలో చెప్పమని నన్ను కోరినాడు.

అమ్మగారూ, ఆదివారాలు సందేహాలు అడగడానికి మీ ఇంటికి వచ్చిన పిల్లలలో కొందరు ఆ లెక్కలు మరచిపోయినారు. మీరిచ్చిన మజ్జిగను ఒక్కరు కూడా మరువలేదు.

మాష్టారూ, బీరువా తాళంచెవి, ఆ చిన్న పుస్తకం నాకు అప్పగించమని కోరుతున్నాను. వచ్చే పరీక్షలకు పేర్లు నేను వ్రాస్తాను. రేపటి నుంచి మీరు మీ గడియారాన్ని సరిచేసుకొనవచ్చు. మేము మాత్రం మార్చుకొనము. నమస్కారం.”

రెండు ప్రతులను ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే, మొదటి దానిలోని ప్రతి పొగడ్త రెండవ దానిలో వేరొక రూపంలో ఉన్నదని తెలుస్తుంది. ‘క్రమశిక్షణకు మారుపేరు’ గడియారమైనది. ‘జీవితాలలో వెలుగు’ పెన్సిలు గీత అయినది. ‘నిగర్వి’ అన్న మాట లేదు. తరగతి ఎదుట పొరపాటు ఒప్పుకొన్న పెద్దమనిషి ఉన్నాడు. ‘ఉదారుడు’ అని ఎక్కడా లేదు. కారణం వ్రాయని చిన్న పుస్తకం ఉన్నది. ‘శ్రీమతి గారి త్యాగం’ పోయి మజ్జిగ వచ్చినది. అది చిన్నది కాని ఆమెదే, మరెవరిదీ కాదు.

అన్నిటికన్న ముఖ్యమైన మార్పు చివరిది. ‘తీరని లోటు’ అన్న వక్త తన కర్తవ్యం అంతటితో ముగిసినదనుకొంటాడు. లోటును ప్రకటించినాడు, కూర్చున్నాడు. ఈ యువకుడు ఆ లోటులో కొంత తాను మోస్తానని తాళంచెవి అడిగినాడు. ఇటువంటి వాక్యం అలంకారంగా వ్రాసుకోరాదు. ముందుగా ప్రధానోపాధ్యాయునితో మాట్లాడి, నిజంగా చేయదలచినప్పుడే చెప్పవలెను. మార్చి నెలలో బాక్సులు బీరువాలోనే ఉండిపోతే, ఆ ఉపన్యాసం మొదటి ప్రతికన్న హీనమవుతుంది.

సంబోధనలో ఒక మెలకువ ఉన్నది. ఉపన్యాసం చాలవరకు సభను ఉద్దేశించి ‘వారు’ అని సాగినది. చివర మాత్రమే అమ్మగారివైపు, తరువాత మాష్టారివైపు తిరిగి ‘మీరు’ అన్నది. మొదటి నుంచి ‘మీరు, మీరు’ అంటే ముఖస్తుతి అవుతుంది. చివరి దాకా ‘వారు’ అంటే ఎదుట ఉన్న మనిషి పరాయివాడవుతాడు. ఆ మలుపు దగ్గర కాగితం దించి, వారి ముఖం చూస్తూ చెప్పవలెను. అందుకోసం చివరి నాలుగు వాక్యాలను కంఠస్థం చేస్తే చాలు.

నిడివి విషయంలో గడియారమే సాక్షి. ఇంట్లో ఒకసారి గట్టిగా, నింపాదిగా చదివి చూసుకోవలెను. ఐదు నిమిషాలకు మించితే ఒక సంఘటన తీసివేయవలెను. అన్ని సంఘటనలను తలా కొంచెం కత్తిరిస్తే మిగిలేవి మళ్లీ విశేషణాలే. ఆరేడుగురు మాట్లాడే సభలో మరొకరు కూడా గడియారం సంగతే చెప్పవచ్చు. వక్తలు ముందుగా ఒకరికొకరు చెప్పుకొంటే ఆ చిక్కు తప్పుతుంది.

చివరి పరీక్ష మొదటిదే. తుదిప్రతిలో ప్రతి వాక్యానికి పేరు మార్చి చదువవలెను. పొరుగూరి హిందీ పండితులకు ఈ గడియారం అతకదు, ఈ అర అతకదు, ఈ మజ్జిగ అతకదు. వారి సభకు వారి సంగతులు వేరే వెదకవలసిందే.